పోస్టుకి మించిన అనుభవం ఉన్న క్యాండిడేట్ వస్తే ఇంటర్వ్యూ ఎలా చేయాలి

ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ చేసేవాళ్ళు, గొల్లపూడి వైపు గోడౌన్లున్నవాళ్ళు, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపేవాళ్ళు, అందరిదీ ఒకటే మాట. "అకౌంట్స్ పోస్టుకి ఇరవై ఎనిమిది వేలు అని ప్రకటన ఇచ్చామండీ, హైదరాబాద్‌లో మేనేజర్‌గా చేసినవాళ్ళు అప్లై చేస్తున్నారు, పిలవాలా వద్దా, పిలిస్తే ఏం అడగాలి?" అని.

పిలవండి. "ఓవర్‌క్వాలిఫైడ్" అనే మాట పక్కనపెట్టి లోపల మీ భయం ఏంటో చూస్తే నాలుగే ఉంటాయి. మంచి ఆఫర్ రాగానే వెళ్ళిపోతారేమో. చేత్తో పని చేయకుండా అజమాయిషీ చేస్తారేమో. తనకంటే అనుభవం తక్కువ ఉన్నవాళ్ళ మాట వినరేమో. జీతం దగ్గర మనసులో అసంతృప్తి ఉంటుందేమో. ఈ నాలుగూ ఇంటర్వ్యూలో పరీక్షించి చూడగలిగినవే, అనుభవం ఎక్కువంటే వయసూ ఎక్కువే అని మనం వయసు చూస్తాం గానీ, ఒక్కదానికి కూడా పుట్టిన తేదీలో జవాబు దొరకదు. ఇంకోటి కూడా ఉంది. 1998లోనూ 2022లోనూ వచ్చిన రెండు పెద్ద పరిశోధనా సమీక్షలు, ఎన్నేళ్ళ అనుభవం అనే లెక్క కంటే అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూనే మనిషి పని ఎలా చేస్తాడో బాగా చెబుతుందని తేల్చాయి. థియరీ ఇంతవరకు చాలు.

కింద చెప్పేదంతా ఒకే పోస్టు పట్టుకుని చెబుతా, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు, జీతం 28 నుంచి 32 వేలు, రిపోర్ట్ చేయాల్సింది ఓనర్ గారి అబ్బాయికి, అతను వ్యాపారంలోకి వచ్చి మూడేళ్ళే అయింది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకావిడ హైదరాబాద్‌లో ఒక తయారీ కంపెనీలో అకౌంట్స్ మేనేజర్‌గా చేసి విజయవాడ వచ్చేశారు, చేతికింద ఆరుగురు ఉండేవాళ్ళట. ఇంకో అబ్బాయి గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో రెండేళ్ళు చేశాడు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పోస్టులో రోజూ, నెలనెలా చేసే పని రాసిన ఒక పేజీ. "అకౌంట్స్ చూసుకోవాలి" అని కాదు, ఏ రోజు ఏం చేయాలో.
- జీతం ఎంత నుంచి ఎంత వరకు అనేది, అంకెల్లో.
- అందరినీ అడిగే అవే ఐదు ప్రశ్నలు, ప్రింట్ తీసి.
- నలభై నిమిషాల పని పరీక్ష, పేపర్ మీద గానీ లాప్‌టాప్‌లో గానీ.
- ఒక్కో ప్రశ్నకి ఒకటి నుంచి ఐదు మార్కులు వేసే కాగితం, ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి తలా ఒకటి.
- ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఇద్దరు. అందులో ఒకరు ఆ మనిషి ఎవరికి రిపోర్ట్ చేయాలో వాళ్ళే అయ్యుండాలి. మన కేసులో ఓనర్ గారి అబ్బాయి. అతన్ని బయట కూర్చోబెట్టి నాన్నగారే అంతా మాట్లాడేసి ఖాయం చేస్తే, రేపు అసలు కలిసి పనిచేయాల్సిన ఇద్దరూ ఒకరికొకరు తెలీకుండా మొదలుపెడతారు.

1. పనిని ఉన్నది ఉన్నట్టు రాయండి

ఎక్కువమంది దాటేసే స్టెప్ ఇదే, తర్వాత తేడా కొట్టేది కూడా దీని వల్లే. పని రాసి లేకపోతే మీ మనసులో ఉన్న పోస్టు వేరు, ఎదుటివాళ్ళు ఊహించుకున్న పోస్టు వేరు అయిపోతాయి, రెండు నెలలకి ఆవిడ మానేస్తే "చూశావా, ఓవర్‌క్వాలిఫైడ్ అని చెప్పానా" అంటారు.

మన ఉదాహరణలో పేజీ ఇలా ఉంది. రోజూ పొద్దున కొనుగోలు బిల్లులు టాలీలో ఎంట్రీ, మధ్యాహ్నం బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూడటం, సాయంత్రం కౌంటర్ క్యాష్ లెక్క. నెలలో 7వ తేదీకి టీడీఎస్ కట్టడం, 11కి అమ్మకాల రిటర్న్, 14న సప్లయర్లు తమ రిటర్న్‌లో చూపించిన బిల్లుల జీఎస్టీ లిస్టు GSTR-2B, అంటే టూబీ, రాగానే మన కొనుగోళ్ళతో సరిచూసి తేడాలున్న సప్లయర్లకి ఫోన్లు చేయడం, 20 లోపు త్రీబీ అనే నెల జీఎస్టీ రిటర్న్. ఎంట్రీలకి అసిస్టెంట్ లేరు, అన్నీ తనే చేయాలి. నెలలో ఆ 14 నుంచి 20 మధ్య రోజులు సాయంత్రం ఏడు దాటుతుంది. ఏసీ ఉంది గానీ గోడౌన్ పక్కనే కాబట్టి శబ్దం ఉంటుంది.

ఆ చివరి రెండు వాక్యాలు కూడా రాయండి, దాచొద్దు. పెద్ద కంపెనీలో చేసినవాళ్ళకి పనిలో కష్టం కంటే చుట్టూ ఉన్న పరిస్థితి కొత్తగా ఉంటుంది, ముందే తెలిస్తే వాళ్ళే తేల్చుకుంటారు.

2. రెజ్యూమేలో వయసు చెప్పేవి పక్కన పెట్టండి

మన దగ్గర రెజ్యూమేలో పుట్టిన తేదీ, ఫోటో, పెళ్ళయిందా లేదా అన్నీ ఉంటాయి, పదో తరగతి పాసైన సంవత్సరం చూసి లెక్కేసుకోవడం అలవాటైపోయింది. ఇంటర్వ్యూ చేసే ఇద్దరికీ ఇచ్చే కాపీలో ఆ వివరాలు తీసేసి ఇవ్వండి. పని అనుభవంలో కూడా ఈ పోస్టుకి పనికొచ్చే భాగం, అంటే జీఎస్టీ, బ్యాంక్ సరిచూడటం, సప్లయర్ల బాకీలు, ఇవి మాత్రం దగ్గరగా చదవండి. అక్కడే నిజంగా చూడాల్సిన సంగతి ఒకటి బయటపడుతుంది. మేనేజర్‌గా చేసిన కాలంలో ఈ పనులు తనే చేశారా, చేయించారా అన్నది. అది వయసుకి సంబంధించింది కాదు, ఈమధ్య చేతికి ఏ పని అలవాటుగా ఉందన్నదానికి సంబంధించింది, దాన్ని ప్రశ్నల్లో అడుగుతాం.

పుట్టిన తేదీ, ఆధార్, పాత పీఎఫ్ నంబరు ఇవన్నీ ఆఫర్ ఒప్పుకున్నాక చేరేటప్పటి కాగితాలకి కావాలి, అప్పుడు తీసుకోండి. ఇంటర్వ్యూ రోజు వాటితో పనేమీ లేదు.

ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు చూసి వద్దనడాన్ని నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో అయితే నలభై దాటినవాళ్ళకి 1967 నుంచే ఉంది. మనకి అడిగేవాళ్ళు లేరు కాబట్టి ఈ జాగ్రత్త మనమే పెట్టుకోవాలి.

3. జీతం, పని ఫోన్‌లోనే చెప్పేయండి

ఇంటర్వ్యూకి రమ్మనేముందు పది నిమిషాల ఫోన్ కాల్. తెనాలి నుంచో మంగళగిరి నుంచో బస్సెక్కి వచ్చాక జీతం దగ్గర తేడా వస్తే ఇద్దరికీ టైమ్ దండగ. ఇలా చెప్పండి:

"మేడమ్, ఈ పోస్టుకి మేం ఇవ్వగలిగింది 28 నుంచి 32 వేలు, ఆపైన లేదు. పనంతా చేత్తో చేసేదే, కింద టీమ్ ఉండదు. రాసిన పేజీ వాట్సాప్ చేస్తాను, చదివి రేపటిలోగా రావాలనుకుంటున్నారో లేదో చెప్పండి."

ఈ కాల్ అప్లై చేసిన అందరికీ ఒకేలా చేయండి. "మీరు అంత పెద్ద జీతం తీసుకున్నారు కదా, ఇది సరిపోతుందా?" అని ఎదురు ప్రశ్న వేయొద్దు. పాత జీతం ఎంతో అడగొద్దు కూడా. ఎందుకంటే ఆ అంకె తెలిశాక మీ బుర్ర దాన్నుంచి బయటికి రాదు, ఆవిడ ఏం చెప్పినా "అంత తీసుకున్న మనిషి ఇక్కడ ఉంటారా" అనే వినిపిస్తుంది. మన పరిధి చెప్పాం, ఆలోచించుకుని సరే అన్నారు, ఆ మాట నమ్మి ముందుకెళ్ళాలి.

ఒక రాత్రి గడువు ఇవ్వడం ముఖ్యం. ఫోన్‌లో అక్కడికక్కడే "పర్లేదండీ" అనేస్తారు, అది మర్యాద కోసం అన్నమాట అయ్యుండొచ్చు. పేజీ చదివి మర్నాడు తనే ఫోన్ చేసి వస్తానంటే అది ఆలోచించి చెప్పినట్టు.

4. పలకరింపు దగ్గరే జాగ్రత్త

మన ఊళ్ళల్లో ఇంటర్వ్యూ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. కూర్చోగానే "మీదే ఊరండీ, పిల్లలేం చేస్తున్నారు, సెటిలయ్యారా, మీవారు ఎక్కడ చేస్తారు" అని మొదలవుతుంది. చెడ్డ ఉద్దేశం ఉండదు, అది మన పలకరింపు. కానీ ఐదు నిమిషాల్లో వయసు, ఇంట్లో బాధ్యతలు, డబ్బు అవసరం అన్నీ బయటికొచ్చేస్తాయి, ఆపైన అడిగే ప్రశ్నలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. గవర్నర్‌పేట అబ్బాయిని ఇవేవీ అడగం కదా. అందుకని పలకరింపుకి దారి దొరికిందా, ఎండలో వచ్చారు మంచినీళ్ళు తీసుకోండి, ఇంతవరకు చాలు.

పిలుపు కూడా చూసుకోండి. వచ్చినవాళ్ళు ఎవరైనా సరే పేరు పక్కన గారు, మీరు. అంకుల్, ఆంటీ, బాబాయ్, తమ్ముడూ వద్దు. అబ్బాయిని "నువ్వు" అని, ఆవిడని "మీరు" అని మాట్లాడితే ఇద్దరికీ ఒకే ఇంటర్వ్యూ జరగనట్టే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. "అంత అనుభవం ఉన్నావిడకి టెస్టేం పెడతాం, బావుండదు" అని పరీక్ష వదిలేస్తారు, గుచ్చి అడగాల్సిన చోట మొహమాటపడి ఊరుకుంటారు. గౌరవం అనుకుంటాం గానీ అదీ వయసు చూసి వేరుగా చూడటమే. పరీక్ష పెట్టకపోతే ఆవిడ పని చేసి చూపించే అవకాశం పోతుంది, చివరికి నిర్ణయం మళ్ళీ మన అనుమానం మీదే జరుగుతుంది. ముందే ఒక మాట చెప్పేస్తే మొహమాటం ఉండదు: "వచ్చిన అందరికీ ఇవే ప్రశ్నలు, ఇదే టెస్ట్ ఇస్తున్నామండీ, మధ్యలో రాసుకుంటుంటాను, ఏమనుకోకండి."

5. ఐదు ప్రశ్నలు, అందరికీ అదే వరుసలో

మొదటి ప్రశ్న: "పేజీ చదివారు కదా, ఇక్కడ మీ మొదటి నెల ఎలా ఉంటుందనుకుంటున్నారో చెప్పండి." ఇష్టం నిజమా కాదా అనేది ఇక్కడ చాలావరకు తేలిపోతుంది. నిజంగా ఆలోచించి వచ్చినవాళ్ళు "మీకు ఎన్ని బిల్లులొస్తాయి రోజుకి, బాకీల లిస్టు ఎప్పటిదాకా సరిచూసి ఉంది" అని తిరిగి అడుగుతారు. "ముందు మీ సిస్టమ్స్ అన్నీ స్టడీ చేసి మార్పులు సూచిస్తాను" అంటే ఆగి, "మార్పులు సరేనండీ, మరి ఆ నెల ఎంట్రీలు ఎవరు చేస్తారు?" అని అడగండి. ఆ జవాబుకే మార్కులు.

రెండోది: "కొనుగోళ్ళు, టూబీ సరిచూసే పని చివరిసారి మీ చేత్తో ఎప్పుడు చేశారు? ఆ రోజు ఏం తేడా దొరికింది?" పని చేసినవాళ్ళకి తేడా గుర్తుంటుంది, సప్లయర్‌తో జరిగిన మాటలు కూడా గుర్తుంటాయి. "మా టీమ్ చూసుకునేది" అంటే అబద్ధమేం కాదు, కానీ మార్కు తగ్గించేముందు పని పరీక్షలో చూడండి, మర్చిపోయారా చేయి తిరిగి వస్తుందా అన్నది అక్కడ తెలుస్తుంది.

మూడోది: "మీ పైవాళ్ళు తీసుకున్న నిర్ణయం తప్పని మీకు అనిపించిన సందర్భం ఒకటి చెప్పండి. మీరేం చేశారు, తర్వాత ఏమైంది?" ఇక్కడ "మీకంటే చిన్నవాళ్ళ కింద చేయగలరా?" అని అడగొద్దు, దయచేసి. దానికి "అయ్యో, ఎందుకు చేయనండీ" తప్ప వేరే జవాబు రాదు, పైగా వయసు మీరే మధ్యలోకి తెచ్చినట్టవుతుంది. జరిగిన సంగతి అడిగితే మనిషి తీరు కనపడుతుంది. ఒకసారి చెప్పి, వినకపోతే వాళ్ళు చెప్పినట్టే చేసి, కాగితం మీద రాసి పెట్టుకున్నామంటే బావుంది. నేను చెప్పిందే చివరికి కరెక్టయింది అంటూ కథ మొత్తం గెలుపు ఓటముల మీదే నడిస్తే తక్కువ మార్కు. ఇది ఇరవై మూడేళ్ళ కుర్రాళ్ళలో కూడా బాగా కనిపిస్తుంది, అందుకే అందరినీ అడగాలి.

నాలుగోది: "ఇప్పటిదాకా చేసిన పనిలో ఇక్కడ దొరకనిది ఏంటి? అది లేకపోతే ఎలా ఉంటుంది?" అనుభవం ఉన్నవాళ్ళని చూసి వచ్చే అసలు ప్రశ్న ఇదే. టీమ్, బడ్జెట్ మీటింగులు, పెద్ద హోదా, ఏదో ఒకటి పోతుంది. ఏం పోతుందో పేరు పెట్టి చెప్పగలిగితే మంచి గుర్తు. "ఏమీ లేదండీ, ఏ పనైనా చేస్తా" అంటే కంగారుపడి తీసిపారేయకండి, అవసరంలో ఉన్నవాళ్ళు అలాగే అంటారు. "మీ పాత ఉద్యోగంలో ఒక రోజు చెప్పండి, అందులో మీకు బాగా నచ్చిన గంట ఏది?" అని మెల్లగా లాగండి. ఆ గంట మన పోస్టులో ఉందా లేదా చూసుకోండి.

ఐదోది: "ఏ పరిస్థితి వస్తే ఈ ఉద్యోగం వదిలేస్తారు?" వెళ్ళిపోతారేమో అన్న భయానికి మందు ఇదే, "ఎన్నాళ్ళుంటారు?" అన్న ప్రశ్న కాదు. పాత ఉద్యోగాలు ఒక్కోటి ఎన్నాళ్ళు చేశారు, ఎందుకు మారారు అన్నది కూడా పక్కనే రాసుకోండి. మన కేసులో ఆవిడ రెండే కంపెనీలు మారారు, రెండోసారి కారణం ఆఫీసు వేరే రాష్ట్రానికి తరలిపోవడం. అబ్బాయి "సీఏ ఇంటర్ పాసైతే ఆర్టికల్‌షిప్‌కి వెళ్ళిపోతా" అని నిజాయితీగా చెప్పాడు. ఎవరు తొందరగా వెళ్ళే అవకాశం ఎక్కువో చూడండి. మనం భయపడింది మాత్రం ఆవిడ విషయంలో.

6. పని పరీక్ష

నలభై నిమిషాలు, అందరికీ ఒకటే. అసలు లెక్కలు ఇవ్వకండి, పేర్లు, అంకెలు మార్చి ఒక షీటు చేసుకోండి. ఒకవైపు మన కొనుగోళ్ళ రిజిస్టర్, ముప్పై బిల్లులు. రెండోవైపు టూబీ. మధ్యలో ఐదు తేడాలు పెట్టండి. బిల్లు నంబరు ఒకచోట 458, ఇంకోచోట 485. ఒక బిల్లు రిజిస్టర్‌లో రెండుసార్లు ఎక్కింది. చెన్నై సప్లయర్ బిల్లు వేరే రాష్ట్రం కాబట్టి ఐజీఎస్టీ కావాల్సింది, రిజిస్టర్‌లో సీజీఎస్టీ ఎస్జీఎస్టీగా పడింది. ఒకదాంట్లో పన్ను విలువ కొద్దిగా తేడా. ఒక బిల్లు టూబీలో అసలు లేదు, సప్లయర్ రిటర్న్ వేయలేదన్నమాట. చివర్లో ఒక వాక్యం: "కొనుగోళ్ళ మీద కట్టిన జీఎస్టీలో ఈ నెల ఎంత క్రెడిట్ తీసుకోవచ్చో చెప్పి, సమస్య ఉన్న సప్లయర్‌కి ఒక మెసేజ్ రాయండి."

ఎన్ని పట్టుకున్నారన్నది సగమే. మిగతా సగం, పని ఎలా చేశారన్నది. చేయి పెట్టి వరుసగా టిక్కులు పెడుతూ వెళ్ళారా, తెలీనిది అడిగారా, ఆ మెసేజ్ చదివితే సప్లయర్‌కి అర్థమయ్యేలా ఉందా. గదిలో ఓనర్ గారి అబ్బాయి కూర్చుని ఉంటే, సందేహం వచ్చినప్పుడు అతన్నే అడిగారా, అతన్ని దాటి నాన్నగారి వైపు చూశారా అన్నది గమనించండి. ఇది అబ్బాయిల దగ్గర కూడా గమనించాల్సిందే.

మన కేసులో ఆవిడ నాలుగు పట్టుకున్నారు, చిన్న విలువ తేడా తప్పిపోయింది. టూబీలో లేని బిల్లు క్రెడిట్ ఈ నెల తీసుకోకూడదని పక్కన పెట్టేశారు, సప్లయర్‌కి మెసేజ్ నాలుగు లైన్లలో మర్యాదగా, తేదీతో సహా రాశారు. షీట్‌లో ఫార్ములాలు వాడటం నెమ్మది, ఆ కంపెనీలో వేరే సాఫ్ట్‌వేర్ కాబట్టి టాలీ స్క్రీన్లు కూడా కొత్తవే అని ఆవిడే చెప్పారు. అబ్బాయి ఇరవై నిమిషాల్లో ముగించాడు, ఐదూ పట్టుకున్నాడు, కానీ టూబీలో లేని బిల్లుకి కూడా క్రెడిట్ కలిపేశాడు. అడిగితే "తర్వాత వస్తుంది కదా సార్" అన్నాడు. టూబీలో కనపడని బిల్లుకి క్రెడిట్ తీసుకోకూడదనేది 2022 జనవరి నుంచి ఉన్న రూల్, అది తెలీకపోతే నోటీసు వస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. టాలీ నెమ్మదిగా వాడితే ఆవిడ దగ్గర "ఈ వయసులో కంప్యూటర్ కష్టం" అనేస్తారు, అదే అబ్బాయి రూల్ తెలీక తప్పు చేస్తే "నేర్చుకుంటాడులే" అంటారు. రెండూ నేర్చుకునేవే. ఏది ఎన్ని రోజుల్లో వస్తుంది, ఈలోపు ఏది ఎక్కువ నష్టం చేస్తుంది అనేదే లెక్క. టాలీలో కీలు అలవాటు కావడం వేరు, ఏ బిల్లుకి క్రెడిట్ ఆపాలో తెలియడం వేరు. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోగలరా అన్న అనుమానం నిజంగా ఉంటే అక్కడే పది నిమిషాలు టాలీలో ఒక ఎంట్రీ చూపించి, రెండో ఎంట్రీ వాళ్ళని చేయమనండి. ఇద్దరినీ.

7. మీ అనుమానం ఎదురుగా చెప్పండి

ప్రశ్నలు, పరీక్ష అయిపోయాక మనసులో ఇంకా ఏదైనా ఉంటే దాచుకోకండి. దాచుకున్న అనుమానం తర్వాత "ఫిట్ కాదనిపించింది" అని బయటికొస్తుంది, దానికి ఆవిడ జవాబు చెప్పుకునే వీలుండదు. అడిగే తీరు మాత్రం పని గురించి ఉండాలి, మనిషి గురించి కాదు.

"మీరు ఇదివరకు ఆరుగురిని నడిపించారు, ఇక్కడ రోజుకి అరవై ఎంట్రీలు మీరే వేయాలి. నాకున్న సందేహం అదేనండీ. మీరేమంటారు?"

ఆవిడ కాస్త ఆగి చెప్పిన మాట: "ఆరుగురితో సెలవులు, గొడవలు, అప్రైజల్స్ చూడటంలోనే నా రోజు అయిపోయేది. లెక్కల దగ్గర కూర్చుని చాలాకాలమైంది. ఈ ఊళ్ళోనే ఉండాలి నాకు, సాయంత్రం ఎనిమిదికి ఇంట్లో ఉండాలి. మీరు ఏడు దాటే రోజులు నెలలో వారం అన్నారు, అది కుదుర్చుకోగలను. నెలంతా అయితే కుదరదు." ఈ జవాబు ఎంత విలువైందో చూడండి. ఎందుకు వచ్చారో ఉంది, ఏది కుదురుతుందో ఏది కుదరదో కూడా ఉంది. సాయంత్రం ఇంట్లో ఎందుకు ఉండాలో తవ్వి అడగనక్కర్లేదు, మన పనికి కావాల్సింది మనకి తెలిసింది.

"ఇంట్లో ఖాళీగా ఉండలేక" లాంటి జవాబు వస్తే అది తప్పు జవాబేం కాదు గానీ సగం జవాబు. "మరి చాలా చోట్ల పోస్టులున్నాయి, ఇది ఎందుకు ఎంచుకున్నారు?" అని ఒక మెట్టు దిగండి.

8. మార్కులు విడివిడిగా, మాట్లాడుకునేముందే

క్యాండిడేట్ గది దాటగానే ఇద్దరూ మాట్లాడుకోకుండా ఎవరి కాగితం మీద వాళ్ళు మార్కులు వేసేయండి. ఓనర్ గారు ముందు నోరు విప్పితే వాళ్ళబ్బాయి వేసే మార్కులు మారిపోతాయి, ఇది ఎవరింట్లోనైనా అంతే. ప్రతి మార్కు పక్కన వాళ్ళు అన్న మాటో చేసిన పనో ఒక లైను రాయాలి. రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ మార్కు అనుమానంతో వేసినట్టు, కొట్టేసి మళ్ళీ వేయండి. రెండు మార్కుల కంటే ఎక్కువ తేడా వచ్చిన ప్రశ్నల దగ్గర మాత్రం ఆగి మాట్లాడుకోండి.

9. తిప్పి చూసుకోవడం

నిర్ణయం సరైందా అని చెక్ చేసుకునే పద్ధతి ఇది. ఇద్దరి జవాబుల మీద పేర్లు మార్చండి. టూబీలో లేని బిల్లు పక్కన పెట్టింది ఆ అబ్బాయి, క్రెడిట్ కలిపేసింది ఆవిడ అనుకుంటే ఎవరికి ఎన్ని వేసేవాళ్ళు? మార్కు మారితే మీరు పనిని కాదు, మనిషిని కొలిచారు.

తర్వాత వద్దనుకున్న కారణాలు చదవండి. "ఎనర్జీ తక్కువ", "మన కల్చర్‌కి సెట్ కారు", "స్టాఫ్ అంతా కుర్రాళ్ళు", "ఎక్కువ రోజులు ఉండకపోవచ్చు" ఇలాంటివి కనపడితే కింద గీత గీసి, ఇంటర్వ్యూలో ఏ మాట వల్ల అలా అనిపించిందో చూపించమనండి. చూపించలేకపోతే అది కారణం కాదు. ఇది రెండువైపులా పనిచేస్తుంది: "పెద్దావిడ కదా, బాధ్యతగా ఉంటారు" అనేది కూడా కొట్టేయాల్సిందే.

10. ఆఫర్, లేదా వద్దని చెప్పడం

తీసుకుంటే ముందు చెప్పిన పరిధిలోనే ఇవ్వండి. "అవసరంలో ఉన్నారు కదా" అని 28కి దిగకండి, ఆవిడ మార్కులు 32కి సరిపోతే 32 ఇవ్వండి. నాలుగో ప్రశ్నలో ఏం పోతుందని చెప్పారో గుర్తుందా, అందులో ఇవ్వగలిగింది ఏదైనా ఉంటే ఇప్పుడే మాట్లాడుకోవాలి. 2009లో దుకాణాల సేల్స్ సిబ్బంది మీద జరిగిన ఒక అధ్యయనంలో, పోస్టుకి మించిన అర్హత ఉందనుకున్నవాళ్ళ అమ్మకాలు ఎక్కువగానే ఉన్నాయి, పనిలో సొంతంగా నిర్ణయం తీసుకునే వీలున్నచోట వాళ్ళకి అసంతృప్తి, మానేద్దామన్న ఆలోచన తక్కువున్నాయి. మన పోస్టులో అయితే సప్లయర్ల బాకీలు ఎప్పుడు ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం ఒక పరిమితి వరకు ఆవిడకే వదిలేయొచ్చు. ఆ పరిమితి ఎంతో ఓనర్ గారి అబ్బాయి నోటితోనే చెప్పించండి, అప్పుడు ఎవరి కింద ఎవరు అన్నది కూడా మొదటిరోజే తేలిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది, నెలలో ఆ వారం పదిరోజులకే పార్ట్ టైమ్ పెట్టుకోవడం. పని నిజంగా అంతే ఉంటే మంచిదే. ఫుల్ టైమ్ పని ఇచ్చి, పీఎఫ్ తప్పించుకోవడానికి "కన్సల్టెంట్" అని రాయడం మాత్రం వద్దు.

వద్దనుకుంటే "మీరు మా పోస్టుకి ఓవర్‌క్వాలిఫైడ్" అని పంపకండి. ఆ మాటతో ఎదుటివాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. దొరికిన కారణం రాయండి: "మేడమ్, టైమ్ ఇచ్చి వచ్చినందుకు థాంక్స్. ఈ పోస్టుకి మొదటి నెల నుంచే టాలీలో స్పీడుగా చేయగలిగేవాళ్ళు కావాలి, ఆ టెస్ట్‌లో వేరొకరికి ఎక్కువ మార్కులు వచ్చాయి." ఇలా రాయలేకపోతున్నారంటే 9వ స్టెప్‌కి వెనక్కెళ్ళండి.

11. చేరాక చెక్ చేసుకోవాల్సింది

ఎవరిని తీసుకున్నా ముప్పై, అరవై, తొంభై రోజులకి పావుగంట కూర్చోండి. మొదటి పేజీ బయటికి తీసి, రాసిన పని, జరుగుతున్న పని ఒకటేనా చూడండి. మనకేసులో ఆవిడే చేరారు, నెల తిరక్కుండానే కౌంటర్ స్టాఫ్ సెలవుల పంచాయితీలు, ఓనర్ గారి ఇంటి లోన్ కాగితాలు ఆవిడ టేబుల్ మీదికి చేరాయి, "తెలిసినావిడ కదా" అని. అనుభవం ఉన్నవాళ్ళకి ఇది తప్పకుండా జరుగుతుంది, వాళ్ళు మానేసేది చాలాసార్లు దీనివల్లే, మంచి ఆఫర్ వల్ల కాదు. అరవయ్యో రోజు మీటింగ్‌లో ఓనర్ గారి అబ్బాయే ఆ రెండు పనులూ పేజీలో లేవని తీయించేశాడు. ఇంకోటి, ఇంటర్వ్యూ రోజు వేసిన మార్కుల కాగితాలు పారేయకండి, తొంభై రోజుల తర్వాత పక్కన పెట్టుకుని ఏ ప్రశ్న మార్కు నిజమైంది, ఏది కాలేదు చూసి, పనికిరాని ప్రశ్నని వచ్చేసారికి మార్చుకోండి.